నెలవారీ క్యారియర్‌ను మధ్యలో ఆపితే మిగిలిన రోజుల డబ్బు ఎంత వస్తుంది: తిరుపతి హాస్టల్ విద్యార్థి అనుభవం

తిరుపతి బాలాజీ కాలనీ దగ్గర భోజన వసతి లేని ఒక ప్రైవేటు హాస్టల్‌లో ఉంటూ, ఏడాదికి పైగా ఒకే మెస్ నుంచి మధ్యాహ్నం, రాత్రి క్యారియర్ తెప్పించుకున్నాను. ప్రాజెక్టు పని కోసం చెన్నై వెళ్లవలసి రావడంతో జనవరి నెల మధ్యలో దాన్ని ఆపించాను. రుచి విషయంలో నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. పప్పు, రసం రోజూ బాగుండేవి, కూర మాత్రం వారాంతంలో పలచబడేది. ఈ సమీక్షలో నేను వివరంగా చెప్పదలచుకున్నది డబ్బు వాపసు గురించే, ఎందుకంటే చేరేటప్పుడు ఎవరూ అడగని విషయం అదే.

నెలకు 3,000 రూపాయలు ముందుగా కట్టాలి, అంటే రోజుకు 100 రూపాయలు పడుతుంది. విడిగా తీసుకుంటే మధ్యాహ్న భోజనం 80, రాత్రి భోజనం 70. ఊరికి వెళ్తే ముందు రోజు రాత్రి 8 గంటలలోపు వాట్సాప్‌లో చెప్పాలి, వరుసగా కనీసం మూడు రోజులు లేకపోతేనే ఆ రోజులు జమ అవుతాయి. ఈ నిబంధన నాకు న్యాయంగానే తోచింది. మరుసటి రోజుకు బియ్యం ఎంత నానబెట్టాలి, కూరగాయలు ఎన్ని తేవాలి అన్నది ఆ రాత్రే నిర్ణయమవుతుంది కాబట్టి, తెల్లవారాక చెబితే మెస్ వారికి మిగిలేదేమీ ఉండదు. అయితే మెస్ తానే సెలవు ఇచ్చిన రోజులకు ఈ మూడు రోజుల షరతు వర్తించకూడదు. ఆ మాట చేరిన రోజే అడిగి తేల్చుకోవాలి.

జమ అంటే ఇక్కడ డబ్బు చేతికి ఇవ్వడం కాదు, కార్డు మీద ముగింపు తేదీని ముందుకు జరపడం. నేను జనవరి 2న డబ్బు కట్టాను, కాబట్టి గడువు 31తో ముగియాలి. సంక్రాంతికి 12 నుంచి 16 వరకు ఐదు రోజులు ఊళ్లో ఉంటానని ముందే తెలియజేయడంతో గడువు ఫిబ్రవరి 5కు మారింది. చెన్నై నుంచి పిలుపు 25వ తేదీ రాత్రి ఆలస్యంగా వచ్చింది. 8 గంటలు దాటిపోయింది కనుక 26వ తేదీ భోజనం నా ఖాతాలోనే పడింది, 27 నుంచి ఆపమన్నాను.

లెక్క దగ్గర తేడా వచ్చింది. మెస్ అన్న గోడ మీది క్యాలెండర్ చూసి, "27 నుంచి 31 వరకు ఐదు రోజులే కదా తమ్ముడూ, 500 వస్తుంది" అన్నారు. ఆ పద్ధతిలో సంక్రాంతికి జమ అయిన ఐదు రోజులు పూర్తిగా మాయమైపోతాయి. అందుకే మిగిలిన తేదీలను కాకుండా తిన్న రోజులను లెక్కించాలి. 2 నుంచి 26 వరకు 25 రోజులు, అందులో ఊళ్లో ఉన్న ఐదు తీసేస్తే తిన్నవి 20, కట్టిన 30లో మిగిలినవి 10. పాత వాట్సాప్ సందేశాన్ని, దానికి ఆయన పంపిన "సరే" అన్న జవాబును చూపించగానే ఆయన ఒప్పుకున్నారు.

తర్వాతి ప్రశ్న రేటు. నెల ధర తగ్గింపు ధర కాబట్టి మధ్యలో మానేసినవారికి విడి ధర వేస్తామని కొన్ని మెస్సులు అంటాయి. అలా వేస్తే నేను తిన్న 20 రోజులకు, రోజుకు 150 చొప్పున 3,000 అయి, చేతికి ఒక్క రూపాయి కూడా రాదు. రోజుకు 100 చొప్పున అయితే 1,000 వస్తుంది. గ్యాసు, వంటమనిషి జీతం, క్యారియర్ తెచ్చే అబ్బాయి ఖర్చు ఒకరు మానేసినంత మాత్రాన తగ్గవు కనుక మెస్ కొంత ఉంచుకోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఎంత ఉంచుకుంటారో డబ్బు తీసుకునేటప్పుడే చెప్పకుండా, మానేసే రోజున విడి ధర బయటకు తీయడం మాత్రం అన్యాయం. మా మెస్ అలా చేయలేదు.

ముందుగా ఆయన ఆ 1,000ని వచ్చే నెలకు సర్దుతానన్నారు. ఊరే విడిచి వెళ్లే నాకు అది ఉపయోగపడదు కాబట్టి, డబ్బు ఇవ్వడం కష్టమైతే ఆ పది రోజులనూ మా హాస్టల్‌లోనే కొత్తగా చేరిన అబ్బాయి పేరుకు మార్చమని, అతను నాకు డబ్బు ఇస్తాడని చెప్పాను. మెస్‌కు చేతి నుంచి పైసా పోని ఈ మార్గం చాలా చోట్ల పనిచేస్తుంది. చివరికి ఆ అవసరం రాలేదు. రెండు క్యారియర్లూ తిరిగి ఇచ్చిన సాయంత్రమే 1,000 రూపాయలు ఫోన్‌పేలో వచ్చాయి. క్యారియర్లకు కట్టిన 400 అడ్వాన్సును విడిగా అడిగి తీసుకున్నాను. రెండింటినీ కలిపి ఒకే మొత్తంగా ఇస్తే ఏ లెక్క తగ్గిందో గుర్తించడం కష్టం.

నెలంతా తిరుపతిలోనే ఉండేవారికి ఈ పథకాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. చిత్తూరుకో మదనపల్లెకో ప్రతి శనివారం వెళ్లి సోమవారం తిరిగి వచ్చేవారికి మాత్రం మూడు రోజుల షరతు వల్ల ఒక్క రోజు కూడా జమ కాదు. వారు తిన్న పూటకే చెల్లే టోకెన్ల పుస్తకం ఇచ్చే మెస్‌ను వెతుక్కోవడం మంచిది.