మూడేళ్లు వాడాక సముద్రం నీళ్ల ఆర్‌వో: నన్ను మోసం చేసిన గేజ్, నిజం చెప్పిన మొదటి చుక్క

ఈ మెషీన్ మా బోటులో పెట్టించిన ఆరు నెలలకి ఒక రివ్యూ రాశాను, అందులో "వాల్వ్ తిప్పి గేజ్ మీద 55 బార్ పెట్టేసి ఇంక మర్చిపోవచ్చు" అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా. మెషీన్ మంచిదే, ఈరోజుకీ మేం ఐదుగురం తాగేది, వండుకునేది దీని నీళ్లతోనే. నాకున్న కోపమల్లా ప్యానెల్ మీదున్న ప్రెజర్ గేజ్ ఒక్కదాని మీదే, దానివల్ల బాగున్న మెంబ్రేన్, అంటే ఉప్పుని ఆపి నీళ్లని వదిలే పొర, తీసి పక్కన పడేసి కొత్తది కొన్నాను.

కథ చెప్పేముందు ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే పాత రివ్యూ కింద చాలామంది అడిగింది అదే. ఇంట్లో ఆర్‌వో చిన్న పంపుతో ఐదారు బార్‌కే నడుస్తుంది కదా, దీనికి 55 ఎందుకు, అంత పెద్ద పంపు ఎందుకు అని. మెంబ్రేన్‌ని జల్లెడలాగా ఊహించుకుంటే ఇది అర్థం కాదు. జల్లెడైతే కొంచెం నెడితే కొంచెం, ఎక్కువ నెడితే ఎక్కువ నీళ్లు దిగాలి. ఇక్కడ అలా జరగదు. మెంబ్రేన్‌కి ఒకవైపు ఉప్పునీళ్లు, ఇంకోవైపు మంచినీళ్లు ఉంటే, ఎవరూ నెట్టకపోయినా మంచినీళ్లే ఉప్పువైపు వెళ్లిపోతాయి. ఆ పోవడాన్ని సరిగ్గా ఆపడానికి ఉప్పువైపు ఎంత ఒత్తిడి పెట్టాలో అదే ఆస్మాటిక్ ప్రెజర్. దానికి సమానంగా నెడితే నీళ్లు అటూ పోవు, ఇటూ రావు. దాన్ని దాటి నెట్టినప్పుడే మంచినీళ్లు మనవైపు రావడం మొదలౌతాయి, అదీ దాటిన భాగం మేరకే.

మోటు లెక్క ఏంటంటే నీళ్లలో ప్రతి వెయ్యి పీపీఎం ఉప్పుకి సుమారు ముప్పావు బార్. ఇంట్లో కుళాయి నీళ్లు 800 పీపీఎం అనుకుంటే అర బార్ పైచిలుకు, అంటే అడ్డమే లేనట్టు, ఐదారు బార్ పెడితే దాదాపు అంతా పనికొస్తుంది. సముద్రం మామూలుగా 35,000 పీపీఎం, అంటే 26, 27 బార్ అడ్డం ముందే కూర్చుని ఉంటుంది. పైగా నీళ్లు మెంబ్రేన్ దాటేకొద్దీ మిగిలిన నీళ్లలో ఉప్పు చిక్కబడుతుంది, మెంబ్రేన్‌కి ఆనుకుని ఉన్న పల్చటి పొరలో ఇంకా ఎక్కువ. అందుకని నా మెషీన్‌లో అడ్డం 30 అని లెక్కేసుకుంటా. 55 పెడితే 30 అడ్డానికే పోయింది, నీళ్లు తెచ్చేది మిగిలిన 25. ఆ 25 కే నాకు గంటకి 60 లీటర్లు వచ్చేవి, టీడీఎస్ మీటర్ 300 చూపించేది. లోపలికి వెళ్లేది గంటకి 600 లీటర్లు, మిగతాదంతా బ్రైన్‌గా, అంటే చిక్కబడ్డ ఉప్పునీళ్లుగా సముద్రంలోకే పోతుంది.

ఇక అసలు గొడవ. రెండో ఏడాది మొదట్లో ట్యాంక్ నిండడం లేటవుతోందని వంట చేసే తమ్ముడు అన్నాడు, నేను పట్టించుకోలేదు. లాగ్ బుక్ తిరగేస్తే మాత్రం కనబడింది, 60 లీటర్లు 52 అయింది, తర్వాత 40, ఆఖరికి 25. టీడీఎస్ అదే టైంలో 300 నుంచి 700 దాటింది, టీ తాగితే తేడా తెలిసిపోయేంత. గేజ్ చూస్తే ఎప్పుడూ 55, పెట్టేది నేనే కదా, పంపు ఆన్ చేసి ముల్లు 55 మీదకి వచ్చేదాకా వాల్వ్ బిగిస్తాను. ప్రెజర్ కరెక్ట్‌గా ఉంది, నీళ్లు తగ్గాయి, ఉప్పు పెరిగింది, అంటే మెంబ్రేన్ పోయిందని తేల్చేశాను. ముందు ఆల్కలైన్ కెమికల్‌తో క్లీనింగ్, తర్వాత యాసిడ్‌తో. ఏమీ మారలేదు. వారం ఆగి మళ్లీ చేశాను, అంతే. సరే అని కొత్త మెంబ్రేన్ తెప్పించి బిగించాను. మొదటిరోజు 26 లీటర్లు. కొత్త మెంబ్రేన్‌తో 26 లీటర్లు! ఆ రాత్రి నిజంగా నిద్రపట్టలేదు.

దీన్ని పట్టించింది ప్యానెల్ పక్కనుంచి పోయే చిన్న పారదర్శకపు ట్యూబ్. ప్రొడక్ట్ నీళ్లు అందులోంచే ట్యాంక్‌కి పోతాయి. మర్నాడు పొద్దున పంపు ఆన్ చేసి, ఈసారి ముల్లుని కాకుండా ట్యూబ్‌నే చూస్తూ వాల్వ్ మెల్లగా బిగించా. ఇరవై, ట్యూబ్‌లో నీటి అంచు కదల్లేదు. ముప్పై, కదల్లేదు. నలభై, కదల్లేదు. నలభై నాలుగో ఐదో దగ్గర అంచు సన్నగా జరిగింది, ఒక బుడగ దాంతోపాటు నడిచింది. నాకు అప్పుడే తట్టింది, మొదటి ఏడాదిలో ఇదే అంచు ముప్పై దగ్గర కదిలేది, లాగ్ బుక్‌లో నా చేత్తోనే రాసుకున్నా "29 దగ్గర స్టార్ట్" అని. సముద్రం అదే, ఉప్పు అదే, హైడ్రోమీటర్ ముంచి చూసినా తేడా లేదు. మరి అడ్డం 30 నుంచి 45 కి ఎలా పెరుగుతుంది? పెరగదు, పెరిగింది ముల్లు చెప్పే అంకె.

మా ఇంజిన్ చూసే కుర్రాడిని పిలిచి చూపించా. వాడు ట్యూబ్ చూడలేదు, పంపు ఆపేసి గేజ్ వైపు వంగి చూశాడు. "అన్నా, పంపు ఆగిపోయింది, ముల్లు పదిహేను మీద ఉందేంటి?" అన్నాడు. అంతే. సున్నా దగ్గర ఉండాల్సిన ముల్లు 15 మీద ఆగింది. గేజ్ లోపల వంకర గొట్టం ఒకటి ఉంటుంది, ప్రెజర్ పడితే కొంచెం విచ్చుకుని ముల్లుని తిప్పుతుంది. మాది కడ్డీలు ముందుకీ వెనక్కీ ఆడి నీళ్లు తోసే ప్లంజర్ పంపు, ప్రతి దెబ్బకీ ముల్లు దడదడలాడేది, ఆ కుదుపు ఏడాదిపాటు తిని తిని గొట్టం మళ్లీ పూర్తిగా ముడుచుకోవడం మానేసింది. ఆఫ్ చేశాక గేజ్ ఎవరు చూస్తారు, నేను చూడలేదు. కాబట్టి నేను 55 అనుకుని పెట్టింది నిజానికి 40. వేరే గేజ్ తెచ్చి బిగించి, వాల్వ్ పాత జాగాలోనే ఉంచి ఆన్ చేస్తే సరిగ్గా 40 చూపించింది.

ఇక్కడే ఆ లెక్క నా కళ్లముందు నిలబడింది. 55 నుంచి 40 అంటే చూడ్డానికి పావు వంతు తగ్గుదల, నీళ్లు కూడా పావు వంతే తగ్గాలి అనిపిస్తుంది. కానీ అడ్డం 30 తీసేస్తే 25 కాస్తా 10 అయింది, అంటే సగం కన్నా తక్కువ. 60 లీటర్లకి 24, నాకు వచ్చింది 25. మరి ఉప్పు ఎందుకు పెరిగింది అన్నది ఇంకా ముఖ్యం, చాలామంది ప్రెజర్ ఎక్కువ పెడితే ఉప్పు కూడా ఎక్కువ దూరి వస్తుందనుకుంటారు. మెంబ్రేన్‌లోంచి జారే కాస్త ఉప్పుకి ప్రెజర్‌తో పెద్దగా సంబంధం లేదు, రెండు వైపులా ఉప్పు తేడా ఎంతుందో దాన్నిబట్టి జారుతుంది. 40 లో ఉన్నా 55 లో ఉన్నా గంటకి జారే ఉప్పు ఇంచుమించు అంతే. 60 లీటర్లలో కలవాల్సింది 25 లీటర్లలో కలిసింది, 300 కాస్తా 700 దాటింది. నిజంగా మెంబ్రేన్ చిరిగో, ఓ-రింగ్ జారో ఉంటే ఉప్పు పెరిగినా నీళ్లు తగ్గవు, ఒక్కోసారి పెరుగుతాయి కూడా. నాకు రెండూ ఒకే లెక్కలో మారాయి, అది చూసైనా ప్రెజర్‌ని అనుమానించాల్సింది.

ఇంకో ఆధారం కూడా లాగ్ బుక్‌లోనే ఉంది, మోటార్ ఆంపియర్లు. ఏడున్నర ఉండేది ఆరుకి దిగింది. ప్లంజర్ పంపు తోసే నీళ్లు ఎప్పుడూ దాదాపు ఒకటే, లోడ్ తగ్గిందంటే ప్రెజర్ తగ్గిందనే. మోటార్ హాయిగా నడుస్తోందని సంతోషపడ్డాను అప్పుడు.

కొత్త గేజ్‌కి ముందు కుదుపు మింగే స్నబ్బర్ పెట్టి, 55 కి బిగిస్తే 61 లీటర్లు, టీడీఎస్ 290. తీసేసిన పాత మెంబ్రేన్ ప్రిజర్వేటివ్‌లో దాచి ఉంచా కాబట్టి ఒకరోజు అదీ మళ్లీ ఎక్కించి చూశా, 57 వచ్చింది. అంటే అది పోనేలేదు.

అప్పట్నుంచి నాకు ఆ ట్యూబ్ మీద ఎంత ఇష్టమో చెప్పలేను. పంపు ఆపి అక్కడే నిలబడి చూడండి, ముందుకు పోతున్న నీటి అంచు ఆగి, మెల్లగా వెనక్కి నడుస్తుంది, నెట్టేవాడు లేడు కాబట్టి మంచినీళ్లు ఉప్పువైపు తిరిగి వెళ్లిపోతున్నాయన్నమాట. మంచినీళ్లతో ఫ్లష్ చేసి ఉప్పు కడిగేశాక చూస్తే ఆ వెనకనడక ఉండదు.

ఒకసారి పెద్ద నది కలిసే చోట వారం లంగరేశాం, అక్కడ నీళ్లు 15,000 పీపీఎం. మొదటి చుక్క 12 దగ్గరే వచ్చేసింది, 55 దాకా తీసుకెళ్తే గంటకి వంద లీటర్లు దాటిపోతోంది. సంబరపడి అలాగే వదిలేయకూడదు, మెంబ్రేన్‌కి రాసిపెట్టిన ఫ్లో దాటి లాగితే దాని మీద బురద, ఉప్పు తొందరగా పేరుకుంటాయి. 37 కి తగ్గిస్తే మళ్లీ 60 కి వచ్చింది. అందుకే ఇప్పుడు నేను ప్రెజర్ అంకె పట్టుకుని కూర్చోను, ఫ్లో చూసి వాల్వ్ తిప్పుతా, గేజ్ గరిష్ఠం దాటకుండా చూసుకోడానికి మాత్రమే.

ఈ మొదటి చుక్క పరీక్ష గీత గీసినట్టు ఉండదని కూడా చెప్పాలి. ఏ మెంబ్రేనూ నూటికి నూరు ఉప్పు ఆపదు, అడ్డం దాటకముందే ఒకటి రెండు ఉప్పు చుక్కలు రావొచ్చు, ట్యూబ్‌లో గాలి ఉంటే లేటుగా కనబడొచ్చు. రెండు మూడు బార్ తేడాని నేను పట్టించుకోను, పదిహేను తేడా వస్తే గేజ్ విప్పుతా.

కొనాలా వద్దా అంటే, నేను తిరిగేది వెచ్చటి నీళ్లలో, మనుషులం ఐదుగురం, రోజుకి నాలుగైదు గంటలు నడిపితే సరిపోతుంది, మాకు సరిపోయింది. చల్లటి సముద్రాల్లో ఆస్మాటిక్ అడ్డం పెద్దగా మారకపోయినా మెంబ్రేన్ బిగుసుకుని డిగ్రీకి మూడు శాతం దాకా నీళ్లు తగ్గుతాయి, అక్కడ తిరిగేవాళ్లు నా 60 లీటర్లు చూసి కొనొద్దు, ఒక సైజు పెద్దది చూసుకోండి. ఏది కొన్నా మొదటిరోజే చుక్క ఎన్ని బార్ దగ్గర కదిలిందో, ఆపాక ముల్లు ఎక్కడ ఆగిందో రెండూ రాసుకోండి. నాది ఈ పొద్దున 30, సున్నా.