ఈమెయిల్ ఇంగ్లీషు దిద్దించుకునేవాళ్ళు జాగ్రత్త: తప్పులతో పాటు నా మాట కూడా పోయింది

తిరుపతిలో డబ్బులిచ్చి బిజినెస్ మెయిళ్ళు దిద్దించుకునే చిన్న వ్యాపారులు ఇది ఒకసారి చదవండి. మొన్న నవంబర్‌లో నాకు జరిగింది మీకు జరగకూడదు.

మాది శ్రీకాళహస్తి కలంకారీ. అత్తగారింట్లో అందరూ ఆ పనే చేస్తారు. బయటి ఆర్డర్లు, మెయిళ్ళు నేను చూసుకుంటాను. కెనడాలో షాపు నడిపే ఒకావిడ 40 దుపట్టాలు తీసుకుని, ఎరుపు ఎక్కువైందని మెయిల్ పెట్టారు. అంచు ఎరుపు చేయమన్నది ఆవిడే. జవాబు తెలుగులో అనుకుని మాటకు మాట ఇంగ్లీషులో పెట్టాను. నున్నగా చేసివ్వమని బస్టాండు దగ్గరున్న ఒక డీటీపీ సెంటర్లో ఇచ్చాను. 300 రూపాయలు తీసుకుని గంటలో చేతిలో పెట్టారు. చదవడానికి హాయిగా ఉంది. పంపేశాను.

మర్నాడు ఆవిడ జవాబు చూసి గుండె జారింది. ‘అంచు మాత్రమే అడిగానని మీరే ఒప్పుకున్నారు, మరి పూలలో ఎరుపు ఎందుకు? ఎంత తగ్గిస్తారు? క్రిస్మస్‌కి ఇంకో పది ఖాయం అన్నందుకు థాంక్స్. అడ్వాన్స్ విషయంలో నా మీద నమ్మకం లేదా?’ ఇందులో ఒక్కటీ నేను అనలేదు.

మా పిన్ని ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరైంది. నేను రాసిన ఇంగ్లీషూ, వాళ్ళు దిద్దిందీ పక్కపక్కన పెట్టి, ‘గ్రామర్ అంతా బాగుందమ్మా, మనిషే మారిపోయింది’ అంది. ఒక్కో వాక్యం విప్పి చూపించింది.

‘మీరే అంచు ఎరుపు చేయమన్నారు’ అనేది నా మాట. నేను ‘యూ ఓన్లీ టోల్డ్ టు మేక్ ది బోర్డర్ రెడ్’ అని రాశాను. మనం ‘మీరే’లోని ఆ దీర్ఘం బరువంతా ‘ఓన్లీ’ మీద పెట్టేస్తాం. వాళ్ళ ఇంగ్లీషులో ‘ఓన్లీ’ అంటే ‘మాత్రమే’. దిద్దినవాళ్ళు దాన్ని ‘యూ ఓన్లీ ఆస్క్‌డ్ ఫర్ ఎ రెడ్ బోర్డర్’ చేశారు. వాక్యం శుభ్రంగా ఉంది, కానీ అడిగింది ఎవరనే సంగతి పోయి, ఎంతవరకు అడిగారనేది వచ్చి కూర్చుంది. అక్కడ ‘ఇట్ వాజ్ యూ హూ ఆస్క్‌డ్’ అని ఉండాలట.

రెండోది నన్ను బాగా ముంచింది. ‘ఇంకో పది పంపడానికి చూస్తాం’ అనుకున్నాను. నవంబర్ వానల్లో అంతకంటే గట్టిగా ఎలా చెప్తాం? బట్టను కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరబెట్టాలి, రంగు వేసినప్పుడల్లా ఉతకాలి, మళ్ళీ ఎండ కావాలి. నేను ‘వి విల్ సీ టు సెండ్’ అని పెట్టాను. వాళ్ళు ‘వి విల్ సీ టు ఇట్ దట్ దే ఆర్ సెంట్’ అని సాగదీశారు. అలా అంటే ‘పంపే పూచీ మాది’ అని అర్థం. ‘ట్రై’ అనే చిన్న మాట పెడితే సరిపోయేది.

మూడోది ఒక్క అక్షరం. అడ్వాన్స్ ఏ అకౌంట్ నుంచి వస్తుందో అడుగుదామని ‘ఐ హావ్ ఎ డౌట్’ అన్నాను. మనకు డౌటంటే అడగాల్సిన ప్రశ్న. వాళ్ళు దాన్ని ‘డౌట్స్’ చేశారు. అది అనుమానమైంది, ఆవిడ నొచ్చుకుంది. ‘క్వశ్చన్’ అని మార్చాల్సింది.

అన్నీ చెడగొట్టారని అనను. ‘టుడే మార్నింగ్’ తీసేసి ‘దిస్ మార్నింగ్’ పెట్టారు, అది సరైనదే. అర్థం రెండు రకాలుగా వచ్చే చోట ఆగి నన్ను అడగకపోవడమే నా ఫిర్యాదు. నా తెలుగు వాళ్ళ దగ్గర లేదు, ఒక్క ఫోన్ కూడా చేయలేదు. కంప్యూటర్లో తప్పుల కింద ఎర్రగీత కూడా పడదు, ఎందుకంటే ఆ మూడు వాక్యాల్లోనూ గ్రామర్ తప్పు లేదు.

ఇప్పుడు పిన్ని చెప్పినట్టు చేస్తున్నాను. దిద్దిన ఇంగ్లీషు మాత్రమే ఇంట్లో ఎవరికైనా ఇచ్చి, తెలుగులో చెప్పమంటాను. నా తెలుగు కాగితం వాళ్ళకు చూపించను, చూస్తే అదే తిరిగి చెప్పేస్తారు. వాళ్ళు చెప్తుంటే మూడు చూసుకుంటాను: ఎవరు చేశారని వచ్చింది, ఖాయంగా వచ్చిందా ప్రయత్నంగా వచ్చిందా, అడిగినట్టుందా నిందించినట్టుందా. మొదటిసారి ఆ పాత మెయిల్ మా మరిదికి ఇస్తే, ‘పది దుపట్టాలు పంపించే తీరతాం అంటున్నావు కదా వదినా’ అన్నాడు. పంపకముందే ఆ మాట విని ఉంటే బాగుండేది.

ఆవిడకు ఆగస్టులో తను పెట్టిన మెసేజ్ జతచేసి మళ్ళీ రాశాను. అంచు సంగతి ఒప్పుకున్నారు. పది దుపట్టాల మాట మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను. వాన తెరిపిచ్చినప్పుడల్లా ఆరబెట్టి ఆరు పంపాం, కొరియర్ ఖర్చు మేమే పెట్టుకున్నాం. డీటీపీ సెంటర్‌కి వెళ్ళి అడిగితే, ‘గ్రామర్‌లో తప్పు చూపించండి మేడమ్, డబ్బు వెనక్కిస్తాం’ అన్నారు. మీరు ఎక్కడ ఇచ్చినా ముందే అడగండి: మా తెలుగు కూడా తీసుకుంటారా, అనుమానం వస్తే ఫోన్ చేస్తారా అని.