ఆడపిల్లల సున్తీ: మానవ హక్కుల కొలతా, సంస్కృతి కొలతా, ఏది మేలు?

1956 ఏప్రిల్‌లో కెన్యాలోని మేరు ప్రాంతంలో న్జురి న్చెకె అనే పెద్దల సభ, ఇకపై ఆడపిల్లలకు సున్తీ చేయకూడదని ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం పెద్దలదే అయినా దాని వెనుక బ్రిటిష్ అధికారుల ఒత్తిడి ఉందని అందరికీ తెలుసు. కొద్ది రోజులకే ఆడపిల్లలు గుంపులుగా కలిసి, రేజర్ బ్లేడు పట్టుకుని ఒకరికొకరు కోసుకోవడం మొదలుపెట్టారు. వాళ్లకు ‘న్గైతానా’ అని పేరొచ్చింది. ‘నా సున్తీ నేనే చేసుకుంటా’ అని దాని అర్థం. తర్వాతి మూడేళ్లలో నిషేధాన్ని ధిక్కరించారని 2,400 మందికి పైగా స్థానిక కోర్టుల్లో నిలబడ్డారు. వాళ్లలో ఆ పిల్లలూ ఉన్నారు, వాళ్ల తల్లిదండ్రులూ ఉన్నారు.

మానవ హక్కులు అందరికీ ఒకటేనా, లేక ఏ సమాజపు మంచిచెడులను ఆ సమాజపు కొలతతోనే చూడాలా అన్న వాదనలో మేరు కథ రెండు పక్షాలకూ పనికొస్తుంది. బయటివాళ్లు తెచ్చిన ‘హక్కు’ను ఆ పిల్లలే తిప్పికొట్టారని సాపేక్షవాది అంటాడు. కోయించుకోకపోతే బతుకే లేదని పిల్లలు నమ్మేంతగా ఊరు వాళ్లను బిగించిందని సార్వత్రికవాది అంటాడు. రెండూ నిజాలే. అందుకే ‘ఎవరు ఒప్పు’ అని ఒక్క ప్రశ్న అడిగితే తేలదు. ఈ ఆచారం తప్పా కాదా అన్నది ఒక ప్రశ్న, తప్పయితే ఎలా ఆగుతుందన్నది మరో ప్రశ్న. నా అంచనాలో మొదటిదానికి హక్కుల కొలతే మేలు. రెండోదానికి సంస్కృతిని లోపలి నుంచి చదివినవాళ్ల తెలివే మేలు. ఎందుకో చెబుతాను.

ముందు అసలు ఏం జరుగుతుందో చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నాలుగు రకాలుగా విభజించింది. మొదటి రకంలో యోనిశీర్షం బయటికి కనిపించే భాగాన్నో, దాని మీది చర్మపు మడతనో కోస్తారు. రెండో రకంలో లోపలి పెదవులను కూడా తీసేస్తారు. మూడో రకంలో పెదవులను కోసి, రెండు అంచులనూ దగ్గరికి చేర్చి అతుక్కునేలా చేస్తారు. మూత్రానికీ, నెలసరికీ చిన్న రంధ్రం మిగులుతుంది. పెళ్లయ్యాక, కాన్పప్పుడు దాన్ని మళ్లీ కోసి తెరవాల్సి వస్తుంది. సూదితో గుచ్చడం, గాటు పెట్టడం లాంటివి నాలుగో రకం. సోమాలియాలో మూడో రకం ఎక్కువ. కెన్యా కికుయు, మేరు ప్రాంతాల్లో మొదటి రెండు రకాలు ఉండేవి. ‘ఆడపిల్లల సున్తీ’ అనగానే ఒకరి మనసులో గాటు, మరొకరి మనసులో కుట్టు ఉంటే వాదన ఎన్నటికీ కలవదు. ఈ చర్చల్లో జరిగే మొదటి పొరపాటు ఇదే.

సాపేక్షవాదుల బలమైన వాదన ‘మీకెందుకు?’ అన్నది కాదు. ఒక ఆచారాన్ని దాని చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీసి చూస్తే అర్థం కాదన్నది. కెన్యాకు తర్వాత అధ్యక్షుడైన జోమో కెన్యాట్టా 1938లో తన జాతి గురించి రాసిన పుస్తకంలో ఇదే చెప్పాడు. కికుయుల్లో ‘ఇరువా’ అంటే కోత ఒక్కటే కాదు. దాంతో పిల్ల పెద్దదవుతుంది, ఒక వయసు గుంపులో చేరుతుంది, పెద్దల నుంచి బతుకు పాఠాలు నేర్చుకుంటుంది, పెళ్లికి అర్హురాలవుతుంది. ఆ తంతును తీసేసి దాని చోట ఏమీ పెట్టకపోతే పిల్లను ఊరి నుంచి వెలివేసినట్టే. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1929లో, స్కాటిష్ మిషన్ ఈ మాట వినలేదు. సున్తీ వద్దని వేలిముద్ర వేసి ప్రమాణం చేయాలని పట్టుబట్టింది. ఫలితంగా వేలాది మంది ఆ చర్చిని వదిలేశారు. కికుయులు సొంత చర్చిలు, సొంత బడులు పెట్టుకున్నారు. అప్పటిదాకా ఒక తంతుగా ఉన్న సున్తీ, తెల్లవాళ్లకు లొంగనితనానికి గుర్తుగా మారింది. మేరులో జరిగింది కూడా అదే. 1947లో అమెరికన్ మానవశాస్త్ర సంఘం ఐక్యరాజ్యసమితికి పంపిన ప్రకటనలో, పడమటి విలువలనే అందరి విలువలుగా చలామణీ చేయొద్దని హెచ్చరించింది.

కానీ ఈ వాదనలో ఒక పెద్ద కంత ఉంది. ‘మా సంస్కృతి’ అని చెబుతున్నది ఎవరు? పెద్దల సభలో మగవాళ్లు. కోసేది నడివయసు ఆడవాళ్లు. కోయించుకునేది ఆరేడేళ్ల పిల్లో, పన్నెండేళ్ల పిల్లో. కోత ఎవరి ఒంటిమీద పడుతుందో వాళ్లకు ఆ సంస్కృతిలో నోరు లేదు. పైగా హక్కులు పడమటి సొత్తన్న మాట కూడా పూర్తిగా నిలవదు. 1948 నాటి ఐక్యరాజ్యసమితి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో ‘పురుషులందరూ’ అన్న అర్థం వచ్చే మాట ఉంటే, దాన్ని ‘మనుషులందరూ’ అని మార్పించింది మన దేశం నుంచి వెళ్లిన హన్సా మెహతా. ఆడపిల్లల సున్తీని చట్టంతో నిషేధించాలని 2003 మపూటో ఒప్పందంలో రాసుకున్నది ఆఫ్రికా దేశాలే.

ఇక్కడ సార్వత్రికవాదులను కూడా గట్టిగా నిలదీయాలి. కెన్యా 2011 చట్టం పిల్లలకే కాదు, పెద్దవాళ్లకు కూడా సున్తీని నిషేధించింది. ఒప్పుకుని చేయించుకున్నా నేరమే. కనీస శిక్ష మూడేళ్ల జైలు లేదా 2 లక్షల షిల్లింగుల జరిమానా, లేదా రెండూ. ఒక మహిళా డాక్టరు దీన్ని హైకోర్టులో సవాలు చేశారు. మందు తాగే హక్కు, సైన్యంలో చేరే హక్కు ఉన్న పెద్ద ఆడమనిషికి తన ఒంటి మీద హక్కు ఎందుకు లేదని అడిగారు. మగపిల్లల సున్తీకి అడ్డు లేదు, డబ్బున్న దేశాల్లో ఆడవాళ్లు అందం కోసం అక్కడే కత్తి పెట్టించుకుంటే దాన్ని ఆపరేషన్ అంటారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం.

2021 మార్చిలో ముగ్గురు జడ్జీలు ఆ పిటిషన్ కొట్టేశారు. చేయించుకోని ఆడదాన్ని ఊరు వెక్కిరించే చోట, పెళ్లి కాదని బెదిరించే చోట, ఒప్పుకోలు స్వేచ్ఛగా ఇచ్చింది కాదన్నది తీర్పులో కీలకం. ఆ చట్టంలోనే సున్తీ లేని ఆడవాళ్లను హేళన చేయడం కూడా నేరం. అంటే ఒత్తిడి ఎక్కడుందో చట్టం రాసినవాళ్లకు తెలుసు. ఈ తర్కం కెన్యాకు సరిపోతుందని నేను ఒప్పుకుంటాను. కానీ పిల్లల విషయంలో గీత ఒకటే ఉండాలి: వైద్య అవసరం లేకుండా, సొంతంగా ఒప్పుకోలు ఇవ్వలేని వయసులో, తిరిగి రాని కోత ఎవరి ఒంటి మీదా పెట్టకూడదు. ఆ గీత మగపిల్లలకు కూడా వర్తిస్తుందా అంటే, వర్తించాలనే నా అభిప్రాయం. సోమాలీ ఆడపిల్లకు ఒక సూత్రం, మనవాళ్ల మగపిల్లాడికి ఒక సూత్రం పెట్టుకుంటే ‘సార్వత్రికం’ అన్న మాటకు అర్థం పోతుంది.

మధ్యేమార్గం కూడా ప్రయత్నించి చూశారు. 1996లో అమెరికాలోని సియాటిల్‌లో, సోమాలీ తల్లులు అడగడంతో ఒక ఆస్పత్రి, పిల్ల ఒప్పుకుంటే మత్తు ఇచ్చి, ఏ భాగమూ తీయకుండా చిన్న గాటు పెడదామని ఆలోచించింది. అది దొరక్కపోతే ఆ తల్లులు పెద్ద కోతకే వెళ్తారన్నది డాక్టర్ల భయం. ఆందోళనలు రేగి ఆ ఆలోచన ఆగిపోయింది. డాక్టరు చేతిలో కత్తి పెడితే ఏమవుతుందో ఈజిప్టు చూపించింది. అక్కడ ఇళ్లల్లో మంత్రసానులు చేసే పని క్లినిక్కులకు మారింది. రక్తం పోవడం, చీము పట్టడం తగ్గొచ్చు గానీ, డాక్టరే చేస్తున్నాడంటే మంచిదేనన్న నమ్మకం ఇంకా గట్టిపడింది.

మరి ఎలా ఆగుతుంది? సెనెగల్‌లో 1997 జులై 31న మలికుండా బంబారా అనే ఊరి ఆడవాళ్లు ఇక మా ఊళ్లో సున్తీ ఉండదని అందరి ముందూ ప్రకటించారు. టోస్టాన్ అనే సంస్థ వాళ్ల భాషలో నడిపిన తరగతుల్లో ఆరోగ్యం, హక్కులు, ఒంటి గురించి నేర్చుకున్నాక వాళ్లే తీసుకున్న నిర్ణయమది. అయితే పక్క ఊరి ఇమామ్ డెంబా జవారా ఒక లోపం పట్టుకున్నాడు. ఒక్క ఊరు మానేస్తే ఆ ఊరి పిల్లలను ఎవరు చేసుకుంటారు? పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్లన్నీ కలిసి మానాలి. ఆయన ఆ ఊళ్లన్నీ తిరిగి, బంధువులతో కూర్చుని మాట్లాడాడు. 1998 ఫిబ్రవరిలో 13 ఊళ్లు కలిసి ప్రకటించాయి. చట్టం ఆ తర్వాత, 1999లో వచ్చింది.

దీని వెనుక ఉన్న లెక్క మనకు కొత్తది కాదు. కట్నం తప్పని తెలిసిన తండ్రి కూడా తానొక్కడే ఇవ్వనంటే పిల్ల పెళ్లి ఆగిపోతుందని ఇస్తాడు. చైనాలో ఆడపిల్లల పాదాలు కట్టే ఆచారం పదిహేడో శతాబ్దంలో చక్రవర్తి నిషేధించినా ఆగలేదు. ‘మా పిల్లకు కట్టం, కట్టిన పిల్లను మా అబ్బాయికి చేసుకోం’ అని కుటుంబాలు సంఘాలు పెట్టుకుని రెండువైపులా ఒట్టు వేసుకున్నాక ఒక తరంలో కూలిపోవడం మొదలైంది. మేరు నిషేధంలో ఈ రెండో సగం లేదు. కోత ఆపారు గానీ, దాని మీద నిలబడ్డ పెళ్లి, పెద్దరికం అలాగే ఉన్నాయి.

సెనెగల్ దారికీ పరిమితులున్నాయి. ఊరంతా ప్రకటించడం వేరు, ప్రతి ఇల్లూ మానడం వేరు. 2005 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 28 శాతం మందికి సున్తీ జరిగినట్టు తేలితే, 2010-11లో అది 26 శాతం. అయితే ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. ముప్ఫై ఏళ్ల కిందట కోత పడిన ఆమె కూడా అందులో ఉంటుంది కాబట్టి నిన్న మానేసిన ఊరు దానిలో కనిపించదు. చిన్నపిల్లల లెక్క విడిగా చూడాలి. కెన్యాలో ఇదే వయసుల అంకె 1998లో 38 శాతం, 2022లో 15. ఆ దేశంలో కూడా సగటు దాచేది చాలా ఉంది. 2014లో కికుయుల్లో సుమారు 15 శాతం ఉంటే, సోమాలీల్లో 94. 1929లో మిషన్ మీద తిరగబడిన జాతి, ఆ పోరు ముగిశాక, బడులు పెరిగాక తనంతట తాను చాలావరకు వదిలేసింది.

మన దేశంలో ఈ ప్రశ్న, షియా ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రాలు ‘ఖఫ్జ్’ అని పిలిచే ఆచారం రూపంలో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఏడేళ్ల వయసు దగ్గర చేస్తారు. ఇది కేవలం గాటు, మతాచారం అని సమర్థించేవాళ్ల వాదన. ఆచారం కావాలన్న బోహ్రా మహిళల సంఘం కూడా కోర్టుకు వచ్చింది, వద్దన్న బోహ్రా మహిళలూ గొంతెత్తారు. 2018లో కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. ఆస్ట్రేలియాలో మాత్రం అదే సమాజానికి చెందినవాళ్ల కేసులో, గాటు కూడా చట్టం చెప్పిన ఖండన కిందికే వస్తుందని 2019లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు తేల్చింది. ఇక్కడ తీర్పు ఎలా వచ్చినా, మూసిన తలుపుల వెనుక అమ్మమ్మో నాయనమ్మో తీసుకెళ్లే చోటికి పోలీసు ముందుగా చేరడు. బోహ్రాలు ఎక్కువగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే చిన్న సమాజం. డెంబా జవారా నడిచిన ఊళ్లలాగే, ఒకరి నిర్ణయం ఇంకొకరికి తెలిసేంత దగ్గరిది. చట్టం వచ్చినా రాకపోయినా, మా పిల్లకు చేయించం అని ఆ తల్లులు ఒకరి ముందు ఒకరు చెప్పుకోగలిగే చోటు ముందుగా ఏర్పడాలి.