కాంటాక్ట్ లిస్టు బయట చేయించుకునేవాళ్ళు జాగ్రత్త: డూప్లికేట్ల పేరుతో మనుషులే మాయమయ్యారు

బెంగళూరులో తెలుగు సంఘాలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు చూసుకునేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. మా సంఘం సభ్యుల ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు వాట్సాప్ గ్రూపు చాట్‌లో కొన్ని, పాత మెయిళ్ళలో కొన్ని, చందాలు రాసుకున్న నోట్సులో కొన్ని ఉండేవి. ఉగాది పిలుపుల కోసం అన్నిటినీ ఒకే సీఎస్‌వీ ఫైల్లోకి ఎక్కించి, రెండుసార్లు వచ్చినవాళ్ళ దగ్గర గుర్తు పెట్టమని ఒక డేటా ఎంట్రీ సర్వీసుకి ఇచ్చాం. గుర్తు పెట్టమన్నాం, తీసేయమనలేదు. "డూప్లికేట్లన్నీ తీసేశామండీ, లిస్టు క్లీన్‌గా ఉంది" అని ఫైలు పంపి, మిగతా డబ్బు తీసుకున్నారు.

పిలుపులు వెళ్ళాక పాత సభ్యుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న పెద్దవాళ్ళు, "మమ్మల్ని మర్చిపోయారా" అని అడుగుతుంటే ఏం చెప్పాలి? వాళ్ళ పేర్లు అసలు ఫైల్లోనే లేవు.

ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే సంగతి బయటపడింది. కొన్ని వరుసల్లో ఫోన్ నంబరుకి బదులు ఇలాంటిది ఉంది:

```
9.11234E+11
```

వాట్సాప్ నంబర్లు +91తో వస్తాయి. ప్లస్సు, ఖాళీలు తీసేస్తే అది 12 అంకెల సంఖ్య అవుతుంది. ఎక్సెల్ మామూలు గడిలో అంత పెద్ద సంఖ్యని ఇలా కుదించి చూపిస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా సేవ్ చేస్తే, తెరమీద కనబడిందే ఫైల్లోకి వెళ్తుంది. అసలు అంకెలు ఇక తిరిగి రావు. కల్పిత నంబర్లతో చెప్తాను. 911234012345 ఒకరిది, 911234067890 ఇంకొకరిది అనుకోండి. ఇద్దరివీ 9.11234E+11 అయిపోతాయి. ఆ ఫైల్నే మళ్ళీ తెరిచి డూప్లికేట్లు తీసేస్తే, ఒకరు ఉండి రెండోవాళ్ళు పోతారు.

పాత సభ్యులే ఎక్కువ పోవడానికీ కారణం ఇదే. 91 తర్వాత మిగిలేవి నాలుగు అంకెలే, అందులో చివరిది కూడా తర్వాతి అంకెని బట్టి రౌండ్ అవుతుంది. 9845 లాంటివి కర్ణాటక పాత సిరీస్‌లు. అప్పట్లో ఇక్కడ ఫోన్ తీసుకున్నవాళ్ళు చాలామందికి ఆ నాలుగు అంకెలూ ఒకటే కాబట్టి, వాళ్ళంతా ఒకరిద్దరిగా లెక్కకొచ్చారు.

ల్యాండ్‌లైన్లదీ ఇలాంటి గతే. బెంగళూరు నంబరు 080తో మొదలై మొత్తం 11 అంకెలుంటుంది. ముందు సున్నా ఎగిరిపోతే 80తో మొదలయ్యే పదంకెల నంబరు మిగులుతుంది, చూడ్డానికి అచ్చం మొబైల్ లాగే. మా ఫైల్లో అవన్నీ మొబైల్ కాలమ్‌లో చేరాయి, మెసేజీలు ఎవరికీ అందలేదు.

నంబర్లు చెక్కుచెదరకపోయినా, నంబరు కలిసిందని వరుస తీసేయడం తప్పే. మన ఇళ్ళలో భార్యాభర్తలు ఒకే నంబరు ఇవ్వడం మామూలు. మాకు ఇద్దరూ వేర్వేరు సభ్యులు. అటువైపు, ఒకే మనిషి ఒకచోట "కె. శ్రీనివాసరావు", మరోచోట "శ్రీనివాస్ రావు కె" అని వేరే నంబరుతో ఉంటే, ఆ డూప్లికేటు ఎవరికీ దొరకలేదు. ఇలాంటివి తేల్చాల్సింది సభ్యుల్ని ఎరిగినవాళ్ళు. చేసేవాళ్ళు ఒకే గుంపు గుర్తు ఇచ్చి వదిలేస్తే చాలు:

```
name,phone,phone_raw,email,source,dup_group
లక్ష్మి,1234012345,+91 12340 12345,,chat:212,D1
రామారావు,1234012345,01234-012345,,mail:9,D1
```

ఇందులో phone_raw, source కాలమ్‌లు లేకుండా ఫైలు తీసుకోకండి. మొదటిది చాట్‌లో ఉన్నది ఉన్నట్టు, రెండోది ఏ వరుసలోంచి తీశారో. అవి ఉంటే అనుమానం వచ్చినచోట వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు. మా ఫైల్లో అవి లేవు, కాబట్టి పోయినవాళ్ళు ఎవరో తెలియాలంటే చాట్ మొత్తం మళ్ళీ మొదటినుంచి చదవాల్సి వస్తోంది. డబ్బు వెనక్కి అడిగితే "మీరడిగిన ఫార్మాట్‌లోనే ఇచ్చాం" అంటున్నారు.

ఇప్పటికే ఇలా చేయించుకున్నవాళ్ళుంటే, ఫైల్ని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవకండి, సేవ్ అసలే చేయకండి. ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి E+ అని వెతకండి. ఎక్సెల్‌లోనే చూడాలంటే డేటా ట్యాబ్‌లోంచి ఇంపోర్ట్ చేస్తూ ఫోన్ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టండి. కొత్తగా ఇచ్చేవాళ్ళు మొత్తం పని అప్పజెప్పకముందే ఒక శాంపిల్ చేయించండి. అందులో +91 ఉన్న రెండు నంబర్లు, 91తో కలిపి మొదటి ఏడంకెలు కలిసేవి, ఒక 080 నంబరు, ఒకే ఫోన్ ఉన్న ఒక జంట తప్పక ఉండాలి. ఆ వరుసలు ఎలా తిరిగొచ్చాయో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.