ఖాతా మారిందంటూ వచ్చే మెయిళ్లు: మూడేళ్లుగా Show original వాడాక నా మాట

కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పద్దులు రాస్తాను. పిక్కల వ్యాపారులకి, డబ్బాలూ అట్టపెట్టెలూ ఇచ్చేవాళ్లకి డబ్బు వేసేది నేనే. మూడేళ్ల కిందట మాకు తెలిసిన ఒక ఫ్యాక్టరీలో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అన్న మెయిల్ నమ్మి డబ్బు పంపేశారు. అసలు వ్యాపారి మూడో రోజున ఫోన్ చేసి ‘బాకీ ఎప్పుడేస్తారు’ అని అడిగేదాకా వాళ్లకి సంగతి తెలీలేదు. అప్పట్నుంచి ఖాతా మార్చమనే ప్రతి మెయిల్‌నీ జీమెయిల్‌లో దాని అసలు రూపం చూపించే Show original తెరిచి చూడటం అలవాటు చేసుకున్నాను. పనికొచ్చింది, కానీ నేను మొదట అనుకున్నట్టు కాదు.

వాడటం తేలికే. కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి, కుడివైపు మూడు చుక్కలు నొక్కితే Show original కనిపిస్తుంది. తెరవగానే పైన చిన్న పట్టికలో SPF, DKIM, DMARC అని మూడు పరీక్షల వరసలు, వాటి పక్కన PASS అనో FAIL అనో ఉంటుంది. కింద ఉన్న పాఠంలో Reply-To అనే వరస కూడా వెతకాలి. మెయిల్ ఒక అడ్రసు నుంచి వచ్చి, మన జవాబు ఇంకో అడ్రసుకి వెళ్లేలా ఉంటే అక్కడే ఆగిపోవచ్చు.

పోయిన ఏడాది దాకా నేను చేసిన తప్పు ఏమిటంటే, మూడూ PASS అయితే మెయిల్ మంచిదే అనుకున్నాను.

పోయిన ఏడాది జూన్‌లో విశాఖ వ్యాపారి దగ్గర 100 బస్తాల పిక్కలు తీసుకున్నాం. బస్తా 80 కిలోలు, మొత్తం 11 లక్షల 40 వేలు. లారీ గేటు దగ్గరికి వచ్చిన రోజు పొద్దున్నే మెయిల్ వచ్చింది. మా కరెంటు ఖాతా ఆడిట్‌లో ఉంది, మధ్యాహ్నం రెండు లోపు ఈ కొత్త ఖాతాకి ఆర్‌టీజీఎస్ చేయండి, నేను మీటింగులో ఉన్నాను, ఫోన్ ఎత్తలేను, వేశాక యూటీఆర్ నంబరు మెయిల్ చేయండి అని. బిల్లు నంబరు సరిగ్గా ఉంది. బస్తాల లెక్క, మొత్తం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పట్టిక తెరిస్తే ఇలా ఉంది:

```
SPF:   PASS
DKIM:  'PASS'
DMARC: 'PASS'
```

సావుకారు గారు గది గుమ్మంలోంచి ‘ఏటయ్యా, ఇంకా ఏయలేదా? డ్రైవరు గోల పెడతన్నాడు’ అంటున్నారు. నిజం చెప్పాలంటే నేను ఖాతా నంబరు కొట్టడం మొదలుపెట్టేశాను కూడా.

ఆపింది ఒకే ఒక్క సందేహం. ఆడిట్ జరిగినంత మాత్రాన ఖాతాలో డబ్బు పడటం ఆగదు. పద్దులు రాసేవాడిగా అది నాకు తెలుసు. ఆ మాట కుదరలేదు కాబట్టి, మెయిల్ పంపిన అడ్రసుని కాపీ చేసి జీమెయిల్ వెతుకులాట పెట్టెలో `from:` తర్వాత అతికించాను. ఒక్కటే మెయిల్ వచ్చింది, ఆ పొద్దుటిది. పాత బిల్లు మెయిల్ తెరిచి అందులోని అడ్రసుతో వెతికితే రెండేళ్ల మెయిళ్లు వరసగా వచ్చాయి. రెండు అడ్రసుల్నీ నోట్‌ప్యాడ్‌లో అక్షరాలు పెద్దవి చేసి ఒకదాని కింద ఒకటి పెట్టాను. @ తర్వాతి పేరులో పాతదాంట్లో `impex`, కొత్తదాంట్లో `irnpex`. ఎం అక్షరం బదులు ఆర్, ఎన్ పక్కపక్కనే పెట్టారు. చిన్న అక్షరాల్లో ఎవరి కళ్లకైనా ఒకటే.

మరి మూడూ PASS ఎందుకు వచ్చాయి? ఆ పట్టిక చెప్పేది ఒక్కటే: ఈ మెయిల్ నిజంగా ఈ డొమైన్, అంటే @ తర్వాత ఉన్న పేరు, నుంచే వచ్చింది అని. ఆ డొమైన్ మన వ్యాపారిదా కాదా అన్నది దానికి తెలీదు. మోసగాడు ఆ పేరు డబ్బిచ్చి కొనుక్కుని, సెట్టింగులన్నీ పద్ధతిగా పెట్టుకుంటే మూడూ PASS అవుతాయి. FAIL వస్తే అనుమానించడానికి పనికొస్తుంది, PASS వస్తే నమ్మడానికి పనికిరాదు. బిల్లు లెక్కలు తెలియడం కూడా అంతే. అటు వ్యాపారి మెయిల్లోనో ఇటు మా మెయిల్లోనో ఎవరో దూరి చదువుతున్నారని దానర్థం. ‘లెక్క తెలుసు కాబట్టి వాళ్లే’ అనుకుంటే అక్కడే దెబ్బ తింటాం.

అప్పట్నుంచి ఆ `from:` వెతుకులాటే నాకు పట్టిక కంటే ఎక్కువ ఇష్టం. అరనిమిషం పని.

అయితే దానికీ ఒక హద్దుంది, ఆ సంగతి డబ్బాలు ఇచ్చే ఆయన విషయంలో తెలిసింది. ఈసారి మెయిల్ ఆయన అసలు అడ్రసు నుంచే, మా పాత ఉత్తరాల వరసలోనే జవాబుగా వచ్చింది. వెతికితే పాత మెయిళ్లన్నీ ఉన్నాయి, పట్టిక శుభ్రంగా ఉంది. తేడా బ్యాంకు దగ్గర బయటపడింది. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకి కూడా ఖాతాదారు పేరు ముందే చూసుకునే వీలు వచ్చింది కదా. నెట్ బ్యాంకింగ్‌లో కొత్త ఖాతా చేర్చబోతే ఎవరో వ్యక్తి పేరు కనిపించింది. ఇక్కడ తొందరపడి దొంగ అనెయ్యకూడదు. ఒక్కరి యాజమాన్యంలోని వ్యాపారం అయితే ఖాతా యజమాని పేరు మీదే ఉండొచ్చు. అందుకని జీఎస్‌టీ సైటులో ఆయన నంబరు కొట్టి చూశాను. అక్కడ చట్టబద్ధమైన పేరు, వ్యాపారం పేరు రెండూ ఉంటాయి. బ్యాంకు చూపిన పేరు ఆ రెండింట్లో దేనితోనూ కలవలేదు. ఐఎఫ్‌ఎస్‌సి వెతికితే బ్రాంచి ఆయనకి ఏ సంబంధమూ లేని ఊళ్లో ఉంది.

మెయిల్‌లో కింద ఇచ్చిన నంబరుకి కాకుండా, పాత బిల్లు మీద అచ్చులో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ‘నేనా? నేనేం మెయిల్ పెట్టలేదు గుమస్తా గారూ’ అన్నారాయన. తర్వాత చూసుకుంటే ఆయన మెయిల్లో ఎవరో ఒక ఫిల్టరు పెట్టి, మా దగ్గర్నుంచి వెళ్లే మెయిళ్లన్నీ చెత్తబుట్టలోకి పోయేలా చేశారు. అంటే ‘ఖాతా నిజంగానే మారిందా?’ అని నేను మెయిల్లో అడిగి ఉంటే, జవాబు ఆ దొంగే ఇచ్చేవాడు.

పేరు కలిసినా ఇప్పుడు ఫోన్ మానను, దగ్గరి పేరుతో ఖాతా తెరవడం కుదరని పనేం కాదు. దీంతో తిట్లూ పడ్డాయి. ఒక వ్యాపారి నిజంగానే బ్యాంకు మార్చుకుని ‘మమ్మల్నే అనుమానిస్తారా’ అని వారం ముఖం చాటేశాడు. మన వైపు బ్యాంకు విలీనం అనగానే జనం నమ్మేస్తారు, ఎందుకంటే చూశాం. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసి, తర్వాత `ANDB` ఐఎఫ్‌ఎస్‌సి కోడ్లు `UBIN` అయ్యాయి, 2025 మేలో మన రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఒకటయ్యాయి. కానీ విలీనం పేరు చెప్పి ఇంకో బ్యాంకులో, ఇంకో పేరు మీద ఖాతా ఇస్తే అది విలీనం కాదు.

Show original కి ఐదింటికి మూడు మార్కులు వేస్తాను. ఒక మార్కు తగ్గించింది PASS అన్న అక్షరాల ధీమా. ఇంకోటి, ఫోన్ యాప్‌లో Show original నాకు ఎక్కడా దొరకలేదు, పైగా అక్కడ పేరు మాత్రమే పెద్దగా కనిపిస్తుంది, అడ్రసు చూడాలంటే పేరు మీద నొక్కాలి. సావుకారు గారు మెయిళ్లు చూసేది ఫోన్లోనే. అందుకే ఖాతా మార్పు మెయిల్ ఆయన నాకు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపితే ఒప్పుకోవడం మానేశాను, అసలు మెయిల్ నా కంప్యూటర్‌లో తెరిచాకే పద్దు ముట్టుకుంటున్నాను.