ఫోటోలోని ద్వారబంధాన్ని బట్టి ఎత్తు లెక్కగట్టే విగ్రహాల వ్యాపారితో జాగ్రత్త

ఫోటో ఒక్కటి పంపితే చాలు, నిలువెత్తు విగ్రహం ఇంటికే తెచ్చి నిలబెడతామని చెప్పుకొనే ఆ వ్యాపారి కర్నూలులో మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. పేరు రాయడం లేదు. ఆయన దగ్గర పెద్దల విగ్రహం చేయించుకోవాలని అనుకుంటున్నవారు డబ్బు కట్టేముందు దయచేసి ఇది చదవండి. విగ్రహం మా ఇంటికి వచ్చి నాలుగు రోజులే అయింది, నా కోపం ఇంకా చల్లారలేదు.

మా నాన్నగారి సంవత్సరీకానికి బేతంచెర్ల దగ్గరి మా ఊరి ఇంటి ముందు ఆయన ఫైబర్ విగ్రహం పెట్టాలని అనుకున్నాము. అరవై రెండు వేలకు మాట్లాడుకుని ముప్పై వేలు ముందుగా ఇచ్చాను. నాన్నగారు నిలువునా ఉన్న ఫోటో మా దగ్గర ఒక్కటే ఉంది. వసారాలో, తలవాకిలి ముందు నిలబడి ఉండగా పన్నెండేళ్ళ కిందట మా మేనబావ తీసినది. ఎత్తు ఎంతని మేము చెప్పబోతే, ఇంటివాళ్ళు చెప్పే ఎత్తు ఎప్పుడూ తప్పే అవుతుందనీ, వెనక తలుపు కనిపిస్తోంది కాబట్టి తానే లెక్క తీస్తాననీ ఆ వ్యాపారి అన్నాడు. నేను ఒప్పుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

మొన్న ఆదివారం బండిలోంచి విగ్రహాన్ని దించి గోనెపట్టా విప్పగానే మా అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఇదేందిరా, మీ నాయన ఇంత పొడుగుండెనా?" అని అడిగింది. మా చిన్నాయన, నాన్నగారు ఒకే ఎత్తని ఊరంతా ఎరుగుదురు. ఒకరి చొక్కా ఒకరు వేసుకునేవారు. చిన్నాయనను పిలిచి విగ్రహం పక్కన నిలబెట్టాము. ఆయన నడినెత్తి విగ్రహం ముక్కు దాకా కూడా రాలేదు. టేపు పెట్టి కొలిస్తే విగ్రహం ఆరడుగుల ఒకటిన్నర అంగుళం ఉంది. చిన్నాయన అయిదడుగుల నాలుగు అంగుళాలు.

అప్పుడు ఆ వ్యాపారి అన్న మాట నేను బతికున్నంత కాలం మరిచిపోలేను. "ఫోటో అబద్ధం చెప్పదు సార్, మీ నాయన ఎత్తు మీకే గుర్తు లేదు" అన్నాడు. చిన్నాయనను చూపించి నిలదీశాక, "సరే, అంత పట్టింపు అయితే పీఠంలో తొమ్మిది అంగుళాలు పూడ్చేద్దాం, పంచె కింద కాళ్ళు ఎవరు చూస్తారు?" అని నవ్వాడు. ఆ సమయంలో మా అమ్మ పళ్ళెంలో పూలు పట్టుకుని, ఆ పాదాల మీద పెట్టడానికే నిలబడి ఉంది. ఆమె పళ్ళెం తిన్నె మీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక, వ్యాపారి ఏ లెక్క వేశాడో తెలుసుకోవాలని ఫోటోను, స్కేలును ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఫోటోలో ద్వారబంధం, అంటే గడప పైభాగం నుంచి పై అడ్డకర్ర అడుగు దాకా, సరిగ్గా ఎనిమిది సెంటీమీటర్లు ఉంది. నాన్నగారు ఏడు సెంటీమీటర్లు ఉన్నారు. వ్యాపారి ద్వారం ఏడడుగులు, అంటే ఎనభై నాలుగు అంగుళాలు అనుకున్నాడు. అందులో ఎనిమిదింట ఏడు వంతులు డెబ్బై మూడున్నర అంగుళాలు. అదే ఆరడుగుల ఒకటిన్నర అంగుళం. విగ్రహం అచ్చంగా ఈ లెక్క ప్రకారమే ఉంది. భాగహారంలో తప్పు లేదు. దానికి ముందు ఆయన నిజమని నమ్మిన రెండు విషయాలూ నిజం కావు.

మొదటిది తలుపు ఎత్తు. ఇప్పటి ఇళ్ళకు ఏడడుగుల ద్వారబంధాలు పెట్టడం మామూలే, ఆ ఏడడుగులు కూడా చాలాచోట్ల చట్రం బయటి కొలతే, లోపలి ఖాళీ కొన్ని అంగుళాలు తక్కువ ఉంటుంది. మాది మా తాత కట్టించిన ఇల్లు. తెల్లవారి టేపుతో కొలిస్తే గడప మీది నుంచి అడ్డకర్ర అడుగు దాకా డెబ్బై ఎనిమిది అంగుళాలు, అంటే ఆరున్నర అడుగులే ఉంది. ఈ కొలత పెట్టి లెక్కవేసినా నాన్నగారి ఎత్తు అరవై ఎనిమిది అంగుళాల పైన వస్తుంది, అంటే అయిదడుగుల ఎనిమిది. తలుపు కొలత సరిదిద్దినా ఇంకా నాలుగు అంగుళాలు ఎక్కువగానే ఉంది. ఆ నాలుగు అంగుళాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియడానికి నాకు చాలాసేపు పట్టింది.

రెండోది మనిషి నిలబడిన చోటు. నాన్నగారు ద్వారంలో నిలబడలేదు, ద్వారం ముందు నిలబడ్డారు. కెమెరాకు దగ్గరగా ఉన్న వస్తువు పెద్దదిగాను, దూరంగా ఉన్నది చిన్నదిగాను పడుతుంది. మనిషి తలుపు కన్నా ఒక్క అడుగు ముందుకు వచ్చినా, ఆ మేరకు తలుపుతో పోల్చినప్పుడు ఆయన పొడుగు పెరిగినట్టు కనిపిస్తుంది. మేనబావను అడిగితే, తులసికోట పక్కన నిలబడి తీశానని చెప్పాడు. అక్కడి నుంచి నాన్నగారు నిలబడిన చోటు పదిహేను అడుగులు, తలుపు పదహారు అడుగులు. అంటే తలుపును బట్టి వచ్చిన ఎత్తును పదిహేనుతో గుణించి పదహారుతో భాగించాలి. అరవై ఎనిమిదింపావును అలా సరిచేస్తే అరవై నాలుగు అంగుళాలు వస్తుంది. అయిదడుగుల నాలుగు అంగుళాలు. మా చిన్నాయన ఎత్తు.

మనిషి తలుపుకు ముందున్నాడని ఫోటోలోనే తెలుస్తుంది, చూడాలనే మనసుంటే. పాదాలు నేలను తాకే చోటును, గోడ నేలను తాకే గీతతో పోల్చి చూడాలి. రెండూ ఒకే వరుసలో ఉంటే మనిషి, గోడ దాదాపు ఒకే దూరంలో ఉన్నట్టు. మా ఫోటోలో నాన్నగారి పాదాలు ఆ గీత కన్నా నాలుగు మిల్లీమీటర్లు కిందికి ఉన్నాయి. ఆ నాలుగు మిల్లీమీటర్లే నేల మీద ఒక అడుగు. విగ్రహాలు చేయడమే వృత్తిగా బతికే మనిషికి ఇది కనిపించలేదంటే నేను నమ్మలేను. చూడాల్సిన అవసరం లేదనుకున్నాడు, అంతే.

ఇంకొక విషయం నన్ను మరీ బాధపెట్టింది. సరైన కొలబద్ద ఆ ఫోటోలో నాన్నగారి కాళ్ళ కిందే ఉంది. మా వసారాలో పరిచినవి బేతంచెర్ల బండలు, ఒక్కొక్కటి రెండడుగుల చదరం. బండల మధ్య సందులు ఫోటోలో స్పష్టంగా గీతల్లా కనిపిస్తాయి. నాన్నగారి పాదాలు ఉన్న వరుసలోనే మూడు బండల వెడల్పును, అంటే ఆరడుగులను, స్కేలుతో కొలిచాను. ఏడు సెంటీమీటర్ల తొమ్మిది మిల్లీమీటర్లు వచ్చింది. అవే మూడు బండల వెడల్పు గోడ మొదట్లో కొలిస్తే ఏడు సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లే ఉంది. పాదాల దగ్గర ఆరడుగులకు ఏడు పాయింట్ తొమ్మిది సెంటీమీటర్లు అయితే, ఏడు సెంటీమీటర్ల మనిషి ఎత్తు అరవై నాలుగు అంగుళాలకు కాస్త తక్కువ. ఈ లెక్కకు తలుపు ఎత్తు అక్కర్లేదు, కెమెరా ఎంత దూరంలో ఉందో కూడా అక్కర్లేదు. మనిషి నిలబడిన చోటే ఉన్న వస్తువు కొలత తెలిస్తే చాలు.

ఈ పద్ధతికీ హద్దులు ఉన్నాయి, అవి దాచి చెబితే నేనూ ఆ వ్యాపారి లాంటివాణ్ణే అవుతాను. ఏడు సెంటీమీటర్ల బొమ్మ మీద ఒక్క మిల్లీమీటరు తప్పు చదివితే ఎత్తులో దాదాపు ఒక అంగుళం తేడా వస్తుంది, కాబట్టి ఫోటోను బట్టి వచ్చిన ఏ ఎత్తయినా అంగుళం అటో ఇటో అనే అనుకోవాలి. కెమెరాను పైకి వంచి గాని, కిందికి వంచి గాని తీసిన ఫోటో అయితే నిలువు గీతలు ఒకదానివైపు ఒకటి వాలుతాయి, అప్పుడు ఇంత సులభమైన లెక్క పనికిరాదు. తలుపు వెడల్పును పైన, కింద కొలిచి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. మాది రెండుచోట్లా సమానంగానే ఉంది. గోడకు ఎదురుగా కాకుండా పక్కనుంచి తీసిన ఫోటోలో బండల వెడల్పు కూడా కుదించుకుపోతుంది. చెప్పుల మందం, కొంచెం వంగి నిలబడటం సరేసరి.

అయినా నా మనసు ఒప్పక, అయిదడుగుల నాలుగు అంగుళాలకు ఒక వెదురు కర్ర కోసి, ఫోటోలో పాదాలు ఉన్న ఆ బండ మీదే, మధ్యలో నిలబెట్టి, తులసికోట దగ్గర నిలబడి ఫోన్‌తో ఫోటో తీశాను. అందులో కర్ర, తలుపులో ఎనిమిదింట ఏడు వంతులే వచ్చింది. నాన్నగారు పాత ఫోటోలో ఎంతవరకు వచ్చారో కర్ర సరిగ్గా అంతవరకే వచ్చింది. దీన్ని వ్యాపారికి పంపాను. చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు.

తొమ్మిదిన్నర అంగుళాలే కదా అని ఎవరైనా అనవచ్చు. ఎత్తు పెరిగినంత వెడల్పు, మందం కూడా పెంచాడు కాబట్టి మొత్తం పరిమాణంలో ఆ విగ్రహం మా నాన్నగారికి ఒకటిన్నర రెట్ల మనిషి. ముఖం పోలిక కుదిరినా, తల, భుజాలు, చేతులు అన్నీ వేరే మనిషివి. పైగా ఫైబర్ పోతపోశాక ఎత్తు తగ్గించడం కుదరదు, కాళ్ళు కోస్తే మిగతా దేహం దానికి సరిపోదు. మార్చగలిగిన దశ మట్టి నమూనా ఒక్కటే. దాన్ని మాకు ఆయన చూపించలేదు, చూపించమని నేనూ గట్టిగా అడగలేదు. ఏడడుగుల తలుపు అని ఫోన్‌లో ఒకసారి అన్నప్పుడు, మా తలవాకిలి అంత ఉండదని చెప్పడానికి నాకు అర నిమిషం పట్టేది. నాన్నగారు బతికున్నన్నాళ్ళు నేను ఆ వాకిట్లో వంగకుండా, తల పైకి చెయ్యి చాస్తే అడ్డకర్రను అందుకుంటూనే తిరిగాను.

సంవత్సరీకం ఫోటోకు దండ వేసి జరిపించాము. విగ్రహం పశువుల కొట్టంలో గోనెపట్టా కప్పి ఉంది. మిగిలిన ముప్పై రెండు వేలు ఇవ్వనని చెప్పాను, ఆయన రోజూ ఫోన్ చేయిస్తున్నాడు.

ఇప్పటికే ఆయనకు ఫోటో ఇచ్చినవారు ఉంటే, వెనకున్న తలుపును ఎంత అనుకున్నాడో ఈరోజే అడగండి, మీరే వెళ్ళి టేపుతో కొలవండి, పాదాల దగ్గర బండో, మెట్టో, కుర్చీయో ఉంటే దాని కొలత రాసి ఇవ్వండి. మట్టి నమూనా పక్కన ఇంట్లో అదే ఎత్తున్న మనిషిని నిలబెట్టి చూసేదాకా పోత పోయనివ్వకండి.