అరబ్బీ పఠన పరీక్షలో చిన్న పదాలను ముందుగా పట్టుకునే పద్ధతి: పద్నాలుగు నెలల సాధన తరువాత

అరబ్బీ ప్రావీణ్య పరీక్షలోని పఠన విభాగం కోసం నేను పద్నాలుగు నెలల పాటు సాధన చేశాను. ఇంట్లో పెట్టుకున్న గడువు నాలుగు గద్యభాగాలకు, ఇరవై ప్రశ్నలకు కలిపి 40 నిమిషాలు. మొదటి రెండు నెలలూ నాలుగో భాగానికి చేరేసరికి ఐదారు నిమిషాలే మిగిలేవి. నాకు పదసంపద చాలదనుకుని ప్రతిరోజూ కొత్త మాటలు కంఠస్థం చేశాను గాని, వేగం పెరగలేదు.

అసలు కారణం వేరే చోట ఉంది. పత్రికలలో అచ్చయ్యే అరబ్బీలో హ్రస్వాచ్చుల గుర్తులు, అంటే హరకతులు, సాధారణంగా వేయరు. ఐన్, ఖాఫ్, దాల్ అనే మూడు అక్షరాలు పక్కపక్కన కనిపిస్తే అది ఒప్పందం కావచ్చు, దశాబ్దం కావచ్చు, చిక్కుముడులు కావచ్చు, లేదా 'జరిపాడు' అనే క్రియ కావచ్చు. నేను ప్రతి మాటకూ మనసులో హరకతులు పెట్టి, సరైన ఉచ్చారణ తేలిన తరువాతే ముందుకు కదిలేవాడిని. ఆ తరువాతి మాట 'సమావేశం' అని ఉంటే ముందుది 'జరపడం' అనే అర్థంలోనిదని దానంతటదే తెలిసిపోతుంది కాబట్టి, అక్కడ ఆగడం వల్ల సమయం పోవడమే తప్ప ప్రయోజనం లేదు.

అందుకే పద్ధతి మార్చాను. ముందు ప్రశ్నను మాత్రమే చదివి, జవాబుల ఎంపికలను చూడకుండా గద్యానికి వెళ్తాను. ఎంపికలు ముందే చదివితే వాటిలోని తప్పుడు వాక్యాలే మనసులో నిలిచిపోతాయి. తరువాత గద్యంలో లమ్, లన్, ఖద్, ఇల్లా, 'గైర అన్న' వంటి, కాలాన్నో నిషేధాన్నో మినహాయింపునో తెలిపే చిన్న పదాల కింద గీత గీస్తూ ఒకసారి కళ్లు పరిగెత్తిస్తాను. దీనికి ఒక నిమిషం సరిపోతుంది. పూర్తిగా చదవడం ఆ తరువాతే.

నేను తయారు చేసుకున్న ఒక సాధన వాక్యం చెబుతాను. 'ప్రాజెక్టు ఇంకా పూర్తి కాలేదని, అయితే మొదటి దశ ఏడాది చివరిలోగా మొదలు కావచ్చని జలశాఖ ప్రకటించింది' అనేది దాని భావం. 'పూర్తి కాలేదు' అన్నచోట అరబ్బీలో 'లమ్ యక్తమిల్' అని ఉంటుంది. క్రియ వర్తమాన రూపంలో కనిపించినా, ముందు లమ్ ఉన్నందువల్ల అర్థం భూతకాలానికి మారుతుంది. అక్కడ లన్ ఉంటే 'పూర్తి కాబోదు' అని భవిష్యత్తు అవుతుంది. ఇక 'ఖద్ తబ్దఉ' అంటే మొదలు కావచ్చు అని మాత్రమే. అదే ఖద్ భూతకాల క్రియకు ముందు వస్తే పని జరిగిపోయిందన్న నిశ్చయాన్ని చెబుతుంది. ప్రశ్న మొదటి దశ గురించి అడిగితే, 'ఏడాదిలోగా తప్పక మొదలవుతుంది' అన్న ఎంపిక గద్యంలోని మాటలనే వాడుకుని ఎంతో ఆకర్షణీయంగా ఉంటుంది. ఖద్ కింద గీత ఉన్నవారు దానిని వెంటనే కొట్టివేయగలరు. మొదటి నెలల్లో నేను పోగొట్టుకున్న మార్కులలో ఎక్కువ భాగం ఇటువంటి చోట్లవే.

సర్వనామం ఎవరిని సూచిస్తుందన్న ప్రశ్నకు మరొక జాగ్రత్త అవసరం. మనుషులు కాని వాటి బహువచనానికి అరబ్బీ స్త్రీలింగ ఏకవచనాన్ని వాడుతుంది. కనుక పదం చివర 'హా' కనిపించగానే స్త్రీలింగ ఏకవచన నామం కోసం మాత్రమే వెతికితే, నాలుగు మాటల వెనుక ఉన్న 'కంపెనీలు' అన్న అసలు జవాబు కంటికి ఆనదు.

హైదరాబాదులో ఉర్దూ వింటూ పెరిగినవారికి అరబ్బీ మాటలు చాలా వరకు పరిచితంగా తోస్తాయి. అది మేలే గాని, తొందరలో అదే దెబ్బ తీస్తుంది. గరీబ్ అంటే అరబ్బీలో వింతైనది, పరాయిది, పేదవాడు కాదు. మనం తగాదా అనే అర్థంలో వాడే తకరారు అక్కడ పునరావృతి. తెలిసిన మాట వాక్యంలో ఇమడకపోతే ఉర్దూ అర్థాన్ని పక్కన పెట్టాలన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్న నియమం.

ఈ పద్ధతి వార్తలకు, నివేదికలకు బాగా పనిచేస్తుంది. పద్నాలుగో నెలకు అటువంటి గద్యాలతో కూర్చిన సాధన పత్రాన్ని 35 నిమిషాల్లో ముగించగలుగుతున్నాను. సాహిత్య వ్యాసాల విషయంలో మాత్రం నాకు సగమే ఫలించింది. అక్కడ రచయిత వైఖరి ఉపమానంలోనో, ఒక విశేషణంలోనో దాగి ఉంటుంది గనుక గీతలు గీసినా దారి దొరకదు. అందువల్ల వ్యాసం ఉన్న పత్రంలో వార్తాభాగాలను ముందు ముగించి, మిగిలిన 12 నిమిషాలూ దానికే ఇచ్చి, గీతలు లేకుండా రెండుసార్లు చదువుతున్నాను.